షట్టరు, గేటు, గిడ్డంగి: తాళం కప్ప ఎంపికలో కొంకి లెక్క

తాళం కప్ప కొనడానికి హార్డ్‌వేర్ దుకాణానికి వెళ్ళినవారు సాధారణంగా రెండే విషయాలు అడుగుతారు: సైజు ఎంత, లివర్లు ఎన్ని. సైజు అంటే 50, 65, 70 అని పెట్టె మీద మిల్లీమీటర్లలో ముద్రించే కప్ప వెడల్పు. లివర్లు అంటే కప్ప లోపల ఒకదానిపై ఒకటి పేర్చిన పలుచని లోహపు రేకులు. తాళంచెవి పళ్ళు ఒక్కొక్క రేకును సరిగ్గా కావలసినంత ఎత్తుకే లేపితే తప్ప లోపలి గడియ కదలదు కాబట్టి, రేకులు పెరిగిన కొద్దీ దొంగచెవితో తెరవడం కష్టమవుతుంది. ఈ ఏర్పాటుకు ఇంగ్లండులో రాబర్ట్ బారన్ 1778లోనే పేటెంటు పొందాడు, నేటికీ అలీగఢ్‌లో తయారయ్యే కప్పల్లో చాలావాటికి ఇదే ఆధారం. అయితే ఈ రెండు సంఖ్యల్లో ఏదీ కప్పపైన వంపు తిరిగి ఉండే ఉక్కు కడ్డీ గురించి, అంటే దుకాణదారులు షాకిల్ అని పిలిచే కొంకి గురించి, ఏమీ చెప్పదు. షట్టరు మీదికో గేటు మీదికో రాత్రివేళ పనిముట్లతో వచ్చేవాడు లివర్లతో కుస్తీ పట్టడు. కొంకిని కత్తిరిస్తాడు, లేదా గడ్డపారతో మెలిపెడతాడు, అదీ కుదరకపోతే కొంకి దూరిన గొళ్ళేన్నే ఊడబెరుకుతాడు. తొమ్మిది లివర్ల కప్పకు 7 మిల్లీమీటర్ల మెత్తని కొంకి ఉంటే, ఆ తొమ్మిది లివర్లకూ పని పడకముందే కప్ప నేల మీద ఉంటుంది.

అందువల్ల ఈ అధ్యాయం తాళంచెవి వైపు నుంచి కాక కొంకి వైపు నుంచి కప్పను పరిశీలిస్తుంది. కొంకి మందం, దాని ఉక్కు గట్టిదనం, బయటికి కనిపించే దాని పొడవు, వానకూ ఉప్పుగాలికీ అది నిలిచే తీరు అనే నాలుగింటిలో చివరిదానికీ రెండోదానికీ మధ్య ఒక స్వాభావికమైన వైరుధ్యం ఉంది. ఒకే రకం కప్ప అన్నిచోట్లా ఎందుకు పనికిరాదో అర్థం కావాలంటే ముందుగా ఆ వైరుధ్యాన్ని అర్థం చేసుకోవాలి.

మందం: రెండు మిల్లీమీటర్ల తేడా

కడ్డీని కత్తెర దవడల మధ్య పెట్టి నొక్కినప్పుడు అది ఎంత బలానికి తెగుతుందన్నది దాని అడ్డుకోత వైశాల్యాన్ని బట్టి ఉంటుంది, ఆ వైశాల్యం మందానికి వర్గంగా పెరుగుతుంది. 8 మిల్లీమీటర్ల కొంకి అడ్డుకోత సుమారు 50 చదరపు మిల్లీమీటర్లు, 10 మిల్లీమీటర్లది 78, 12 మిల్లీమీటర్లది 113. అంటే మందం ఒకటిన్నర రెట్లు పెరిగితే తెంచడానికి కావలసిన బలం రెండుంబావు రెట్లవుతుంది. సాధారణ మెత్తని ఉక్కు చదరపు మిల్లీమీటరుకు దాదాపు 30 కిలోల కోతబలాన్ని తట్టుకుంటుందనుకుంటే, 8 మిల్లీమీటర్ల కొంకిని తెంచడానికి దవడల దగ్గర ఒకటిన్నర టన్నుల బలం, 12 మిల్లీమీటర్లదానికి దాదాపు మూడున్నర టన్నుల బలం కావాలి. ఒకటిన్నర టన్నులు వినడానికి పెద్ద సంఖ్యే అయినా, బోల్ట్ కట్టర్ అనే పొడుగు పిడుల కత్తెరలో రెండు జతల మీటలు ఒకదాని బలాన్ని మరొకటి పెంచుతాయి కాబట్టి, రెండడుగుల పనిముట్టుతో ఒక మనిషి దాన్ని సులువుగా పుట్టించగలడు. మూడడుగుల కట్టరు మెత్తని ఉక్కులో 12 మిల్లీమీటర్ల వరకూ వెళ్ళగలదు. మెత్తని ఉక్కు కొంకి ఎంత లావుగా కనిపించినా కట్టరు ముందు నమ్మదగినది కాదన్నది ఈ లెక్క చెప్పే మొదటి సంగతి.

మందాన్ని కంటితో అంచనా వేయకూడదు. మెరిసే క్రోమియం పూత కడ్డీని లావుగా చూపిస్తుంది, పైగా ఒకే సైజు కప్పల్లో కూడా తయారీదారును బట్టి కొంకి రెండు మూడు మిల్లీమీటర్లు తేడా ఉంటుంది. దుకాణంలో ఉండే వెర్నియర్ కాలిపర్‌తో, అది లేకపోతే కొత్త డ్రిల్లు బిట్టును పక్కన పెట్టి పోల్చి, కొంకి నిలువు కాలును కొలవాలి. ఆ తర్వాత కప్పను తెరిచి, కొంకి కాలి చివర లోపలి గడియ పట్టుకోవడానికి కోసిన గాడిని చూడాలి, ఎందుకంటే మెలిపెట్టి లాగే దాడిని తట్టుకోవలసింది అక్కడ మిగిలిన లోహమే. 10 మిల్లీమీటర్ల కొంకికి 4 మిల్లీమీటర్ల లోతున గాడి కోసి ఉంటే, లాగుడును తట్టుకోవడానికి అక్కడ మిగిలేది 6 మిల్లీమీటర్ల మందమే. గాడి ఒక కాలికే ఉందా, రెండు కాళ్ళకూ ఉందా అన్నది కూడా ముఖ్యమే. ఒక కాలినే పట్టి ఉంచే కప్పలో గడ్డపార బలమంతా ఒక చిన్న గడియ మీద పడుతుంది, రెండు కాళ్ళనూ బంతులతోనో గడియలతోనో పట్టి ఉంచే కప్పలో అది రెండుగా చీలిపోతుంది. దుకాణదారు ఈ తేడా చెప్పడు, చాలామందికి తెలియదు కూడా. తెరిచి చూస్తే మాత్రం క్షణంలో తెలుస్తుంది.

గట్టిదనం: పై పొర, లోపలి గుండె

కట్టరును నిజంగా ఆపేది గట్టిపరచిన ఉక్కు. గట్టిపరచడం అంటే ఉక్కును ఎర్రగా కాల్చి హఠాత్తుగా చల్లార్చడం. అలా చేసిన ఉక్కు కట్టరు దవడలతో సమానమైన గట్టిదనాన్ని అందుకోగలదు కాబట్టి, దవడ కొంకిలోకి దిగడానికి బదులు దవడ అంచే చిట్లుతుంది లేదా సొట్టబోతుంది. అయితే కడ్డీని ఆసాంతం అంత గట్టిగా చేస్తే అది పెళుసై సుత్తి దెబ్బకు విరిగిపోతుంది. ఈ చిక్కును దాటడానికి కొంకిని కార్బన్ అందించే వాతావరణంలో వేడిచేసి, పై పొర మాత్రమే కార్బన్ పీల్చుకునేలా చేసి, తర్వాత చల్లారుస్తారు. అప్పుడు పైన ఒక పలుచని పెంకు రాయిలా గట్టిపడుతుంది, లోపలి గుండె మాత్రం వంగినా విరగని గుణాన్ని నిలుపుకుంటుంది. బోరాన్ కలిపిన మిశ్రమ ఉక్కు ఇంతకన్నా మెరుగు, ఎందుకంటే అతి కొద్దిపాటి బోరాన్ కూడా ఉక్కు లోతువరకూ గట్టిపడేలా చేస్తుంది. ఖరీదైన కప్పల మీద బోరాన్ అని కనిపించే ముద్రకు అర్థం ఇదే.

గట్టిపరచిన కొంకి మీద సాధారణంగా ‘హార్డెన్డ్’ అని ముద్ర ఉంటుంది, కానీ ముద్ర వేయడం గట్టిపరచడం కన్నా చాలా చవక. దీన్ని తేల్చడానికి ఒక చిన్న ఆకురాయి చాలు. కప్ప తెరిచి, మూసినప్పుడు లోపల దాగే కొంకి కాలి భాగం మీద ఆకురాయిని ఒకటి రెండుసార్లు నడిపితే, మెత్తని ఉక్కు అయినప్పుడు ఆకురాయి పట్టు దొరికి రజను రాలుతుంది, తెల్లని గీత పడుతుంది. గట్టిపరచినదైతే ఆకురాయి గాజు మీద నడిచినట్టు జారిపోయి సన్నగా కీచుమంటుంది. మొదటి గీతకు పైనున్న క్రోమియం పూత మాత్రమే పోయి ఉండవచ్చు కాబట్టి రెండో గీతకు వచ్చిన ఫలితాన్నే నమ్మాలి. దుకాణదారు ఒప్పుకోకపోతే ఒక కప్ప కొని పరీక్షించి, ఆ తర్వాతే మిగిలినవి కొనడం మేలు. గిడ్డంగికి ఐదారు కప్పలు కొనేవారికి ఒకదాని మీద పడే గీత పెద్ద నష్టం కాదు.

యాంగిల్ గ్రైండర్ మాత్రం ఈ లెక్కకు లొంగదు. దాని రాతి చక్రం నొక్కి తెంచదు, అరగదీసి తెంచుతుంది, చక్రంలోని రాపిడి గింజలు ఏ గట్టి ఉక్కుకన్నా గట్టివి. బ్యాటరీతో నడిచే గ్రైండరుకు గట్టిపరచిన 10 మిల్లీమీటర్ల కొంకి ఒక నిమిషం లోపు పని. కాబట్టి మామూలు ధరలో దొరికే ఏ కొంకీ గ్రైండరును ఆపలేదని ముందే ఒప్పుకుని, కొంకికి చక్రం అందకుండా చేయడం, చప్పుడూ నిప్పురవ్వలూ వీధికి కనిపించేలా దీపం కింద తాళం ఉంచడం, తెంచవలసిన చోట్లు ఒకటికి రెండు చేయడం అనే దారులు వెతకాలి. గ్రైండరు తట్టుకుంటుందని చెప్పి ఎవరైనా 300 రూపాయల కప్ప అమ్మజూపితే ఆ మాటకు విలువ ఇవ్వనక్కరలేదు.

కనిపించే కొంకి ఎంత

కట్టరు దవడలకు కొంకి చుట్టూ చోటు కావాలి. కొంకి వంపు కప్పకు పైన 50 మిల్లీమీటర్లు లేచి ఉంటే ఎంత పెద్ద కట్టరైనా సులువుగా దూరుతుంది, గడ్డపార మొన కూడా దూరుతుంది. అదే 15 మిల్లీమీటర్లే ఉండి, అందులోనూ సగం గొళ్ళెపు పలకతో నిండి ఉంటే మూడడుగుల కట్టరు లావుపాటి దవడలకు తెరుచుకునే చోటే ఉండదు. పొడవు కొంకి కప్పలు గొలుసులకోసం ఉన్నవి. వాటిని షట్టరుకు వేస్తే మంచి ఉక్కు కొన్న డబ్బు సగం వృథా అవుతుంది.

షట్టరు విషయంలో ఇంకొక ఇబ్బంది ఉంది. షట్టరు తాళాలు అడుగుపట్టీ దగ్గర, నేలకు జానెడు ఎత్తులో ఉంటాయి. నడుము ఎత్తులో ఉన్న తాళాన్ని కత్తిరించేవాడు రెండు పిడులనూ చేతులతోనే దగ్గరికి నొక్కాలి. నేల దగ్గర ఉన్నదానికైతే ఒక పిడిని నేలకు ఆనించి, రెండోదాని మీద ఒంటి బరువంతా వేయవచ్చు. చేతుల బలం 30, 40 కిలోలకు మించని మనిషి కూడా 70 కిలోల ఒంటి బరువుతో దాన్ని రెట్టింపు చేస్తాడు. ఒకే కప్ప గేటు నడుమ నిలిచి, షట్టరు అడుగున తెగిపోవడానికి ఇదీ ఒక కారణం.

కొంకిని దాచే కప్పలు ఈ అవసరం నుంచే పుట్టాయి. మొదటిది గుండ్రటి డిస్క్ కప్ప: స్టెయిన్‌లెస్ ఉక్కు చిప్పలోపల కొంకి చంద్రవంకలా తిరుగుతుంది, బయటికి వేలి వెడల్పు మాత్రమే కనిపిస్తుంది. రెండోది భుజాల కప్ప: కొంకికి రెండు పక్కలా కప్ప శరీరమే గోడల్లా పైకి లేచి, పలక దూరేంత సందు మాత్రమే వదులుతుంది. మూడోది ప్రత్యేకంగా షట్టర్లకోసం చేసిన దీర్ఘచతురస్రపు కప్ప. దానిలో వంపు కొంకికి బదులు ఒక తిన్నని పుల్ల అడ్డంగా జరుగుతుంది, పలక ఆ సందులో ఇమిడిపోతే పుల్ల బయటికి కనిపించనే కనిపించదు. మూడింటికీ ఒకే షరతు: పలక మందం, రంధ్రం సైజు, రంధ్రం నుంచి పలక అంచు వరకూ ఉన్న దూరం కప్ప సందుకు సరిపోవాలి. ఆ కొలతలు లేకుండా కొన్నవారు తర్వాత పలకను ఆకురాయితో అరగదీసి పలుచన చేస్తారు, అప్పుడు కప్ప బలపడి పలక బలహీనమవుతుంది.

వాన, ఉప్పు, ఎరువు

కట్టరును ఎదుర్కొనే గట్టి ఉక్కు తుప్పును ఎదుర్కోలేదు, తుప్పును ఎదుర్కొనే లోహాలు కట్టరుకు లొంగుతాయి. మామూలు స్టెయిన్‌లెస్ ఉక్కు, అంటే 304, 316 రకాలు, క్రోమియం వల్ల తుప్పు పట్టవు, మాలిబ్డినం కూడా కలిసిన 316 సముద్రపు గాలికి మరింత నిలుస్తుంది; కానీ ఈ రకాలను కాల్చి చల్లార్చి గట్టిపరచడం సాధ్యం కాదు. అయస్కాంతం వీటిని దాదాపు పట్టదు, కొంకి ఏ రకానిదో దుకాణంలోనే తెలుసుకోవడానికి ఇదొక ఆనవాలు. ఇత్తడి కప్ప శరీరానికి తుప్పు పట్టదు, పచ్చని చిలుము పట్టినా పైపైనే ఆగుతుంది. అయితే ఇత్తడి రంగు పూసిన ఇనుప కప్పలూ అమ్ముడవుతాయి కాబట్టి ఇక్కడ కూడా అయస్కాంతం పెట్టి చూడాలి, అంటుకుంటే అది ఇత్తడి కాదు.

ఇత్తడి శరీరానికి ఉక్కు కొంకి ఉన్న కప్ప సముద్రతీరంలో ఒక వింత తీరుగా పాడవుతుంది. రెండు వేర్వేరు లోహాల మధ్య ఉప్పు తేమ చేరితే అది చిన్న బ్యాటరీలా పనిచేసి, వాటిలో త్వరగా కరిగే స్వభావం ఉన్న ఉక్కును తినేస్తుంది. ఫలితంగా కొంకి బయటి వంపు మెరుస్తూనే ఉండి, అది ఇత్తడిలోకి దిగే చోట, తేమ నిలిచే ఆ వలయంలో, సన్నబడుతుంది. ఏడాదికోసారి కప్ప తెరిచి సరిగ్గా ఆ చోట గుడ్డతో తుడిచి కొలిస్తే, 10 మిల్లీమీటర్ల కొంకి 9కి తగ్గిందో లేదో తెలుస్తుంది. తగ్గితే మార్చాలి.

ఎరువుల గిడ్డంగికి, పశువుల కొట్టానికి మరొక హెచ్చరిక అవసరం. యూరియా తేమకు విచ్ఛిన్నమై అమ్మోనియా విడుదల చేస్తుంది, పశువుల మూత్రమూ అంతే. ఒత్తిడిలో ఉన్న ఇత్తడి అమ్మోనియా తగిలితే పగుళ్ళు బారుతుంది. బ్రిటిష్ పాలనలో భారతదేశంలోని సైన్యం వానాకాలంలో గుర్రపుశాలల్లో దాచిన తూటాల ఇత్తడి గొట్టాలు వాటంతటవే పగలడం గమనించింది, దానికి కారణం అమ్మోనియా అని 1921లో శాస్త్రీయంగా తేలింది. కప్ప మందపాటి శరీరానికి ఈ ప్రమాదం తక్కువే, ఎందుకంటే దానిలో నిలిచి ఉన్న ఒత్తిడి కొద్ది. ఎప్పుడూ బిగువుగా ఉండే లోపలి పలుచని ఇత్తడి, కంచు స్ప్రింగుల విషయంలో మాత్రం జాగ్రత్త పడాలి. పొటాష్ ఎరువులోని క్లోరైడు సముద్రపు ఉప్పు చేసే పనే చేసి ఉక్కును తినేస్తుంది. అలాంటి గిడ్డంగికి కప్పను లోపలి దుమ్ము పడని వైపు, గాలి ఆడే చోట వేయాలి, రబ్బరు మూత ఉన్న కప్పను ఎంచాలి.

వానపడే చోట్ల తాళంచెవి రంధ్రం కిందికి చూసేలా కప్ప వేలాడాలి, అడుగున నీరు కారిపోయే చిన్న రంధ్రం ఉండాలి. ఉక్కు రేకులను పేర్చి రివెట్లు కొట్టిన కప్పలు సుత్తి దెబ్బలకు బాగా నిలుస్తాయి గానీ, రేకుల సందుల్లో నీరు నిలుస్తుంది కాబట్టి బయటి గేటుకన్నా లోపలి తలుపులకే అవి తగినవి. బిగుసుకున్న కప్పలో కొబ్బరినూనె పోసే అలవాటు విస్తారంగా ఉంది. ఆ రోజుకు కప్ప తెరుచుకుంటుంది, కొన్ని నెలల్లో నూనె జిగురై దుమ్ము పట్టి మునుపటికన్నా బిగుస్తుంది. పెన్సిల్ గ్రాఫైటు పొడి చెవికి రాసి రెండు మూడుసార్లు తిప్పితే చాలు.

ఒక ఎరువుల దుకాణం: కొలతల నుంచి ఎంపిక వరకు

ఇప్పుడు కాకినాడలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక ఎరువుల దుకాణాన్ని ఊహించవచ్చు. దానికి ముందు వీధి వైపు రోలింగ్ షట్టరు, వెనుక లారీ వచ్చే ఇనుప గేటు, లోపల ఖరీదైన పురుగుమందులు దాచే చిన్న స్టోర్ రూమ్ ఉన్నాయి. యజమాని మూడింటికీ ఒకే రకం కప్ప, 65 మిల్లీమీటర్ల ఇత్తడి శరీరం, 8 మిల్లీమీటర్ల పూత కొంకి ఉన్నది, వాడుతున్నాడు.

షట్టరు అడుగుపట్టీకి రెండు చివర్లా పలకలున్నాయి. పలక మందం 6 మిల్లీమీటర్లు, రంధ్రం 11, రంధ్రపు అంచు నుంచి పలక అంచుకు 15. ఈ చివరి కొలతకు ఒక మోటు లెక్క ఉంది: అది కొంకి మందానికి ఒకటిన్నర రెట్లకు తగ్గితే, లాగినప్పుడు కొంకి తెగకముందే పలక చిరుగుతుంది. 10 మిల్లీమీటర్ల కొంకికి 15 సరిగ్గా సరిపోతుంది. కాబట్టి ఇక్కడ 17 మిల్లీమీటర్ల ఖాళీ ఉన్న డిస్క్ కప్ప, 10 మిల్లీమీటర్ల గట్టి కొంకితో, రెండు పక్కలా ఒక్కొక్కటి తగినది. కప్ప చిప్ప స్టెయిన్‌లెస్ కావడం వల్ల ఉప్పుగాలికి నిలుస్తుంది, గట్టిపరచిన కొంకి చాలావరకు చిప్పలో దాగి ఉండటం వల్ల తడి తక్కువ తగులుతుంది. ఉక్కుల మధ్య ఉన్న వైరుధ్యం ఈ ఆకారంలో కొంత తీరుతుంది. దుకాణానికి వెళ్ళేముందు పలకను కాగితం మీద ఉంచి పెన్సిలుతో దాని ఆకారమూ రంధ్రమూ గీసుకుని, ఆ కాగితాన్ని కత్తిరించి తీసుకెళ్తే కప్ప సరిపోతుందో లేదో అక్కడే తెలుస్తుంది. షట్టరు ఒక పక్కే తాళం వేసి రెండో పక్క వదిలేయడం చాలాచోట్ల కనిపిస్తుంది. అలా వదిలిన పక్కను జాకీతో లేపితే పట్టీ వంగి మనిషి దూరేంత సందు వస్తుంది.

వెనుక గేటుకు 6 మిల్లీమీటర్ల లింకుల గొలుసు చుట్టి, దానికి కప్ప వేశారు. ఇక్కడ 12 మిల్లీమీటర్ల కొంకి ఉన్న కప్ప కొన్నా ప్రయోజనం లేదు, ఎందుకంటే కత్తిరించేవాడు కప్పను ముట్టుకోడు, 28 చదరపు మిల్లీమీటర్ల అడ్డుకోత ఉన్న లింకును కత్తిరిస్తాడు. లింకుకు రెండు వైపులా కోయాలన్నది నిజమే కానీ అంత సన్నని మెత్తని ఉక్కుకు రెండు కోతలూ కలిసి అర నిమిషం పని. మందపాటి గట్టి గొలుసు దొరుకుతుంది, ఖరీదు కప్పకన్నా ఎక్కువ. ఇంతకన్నా చవకైన దారి వెల్డింగు పనివాడి దగ్గర ఉంది: గొలుసు తీసేసి, రెండు తలుపులకూ ఒకదాని పక్కన ఒకటి చేరే 8 మిల్లీమీటర్ల పలకలు, అంటే వెల్డర్లు చెవులు అని పిలిచేవి, అతికించి, వాటి చుట్టూ 5 మిల్లీమీటర్ల రేకుతో అడుగు మాత్రమే తెరిచి ఉన్న పెట్టె కట్టించడం. కప్ప పెట్టెలో వేలాడుతుంది, చేయి కింది నుంచి దూరుతుంది, మూడడుగుల కట్టరు దూరదు, గ్రైండరు చక్రం ముందు పెట్టెను కోయాలి. ఆ పెట్టె వానను కూడా అడ్డుకుంటుంది కాబట్టి లోపల స్టెయిన్‌లెస్ అవసరం తగ్గి, గట్టి ఉక్కు కొంకి ఉన్న మామూలు కప్ప, 10 లేక 11 మిల్లీమీటర్లది, సరిపోతుంది. పెట్టె కట్టించేముందు కప్ప కొని పనివాడికి ఇవ్వాలి. పెట్టె అయ్యాక కప్ప వెతికితే తాళంచెవి తిప్పడానికి చోటు చాలక మళ్ళీ కోయించవలసి వస్తుంది.

స్టోర్ రూమ్‌కు టేకు తలుపు, ఆల్‌డ్రాప్ అనే పొడుగు గడియ ఉన్నాయి. ఆల్‌డ్రాప్ కడ్డీ లావుగానే ఉంది, కానీ దాని కొండీలను తలుపుకు పట్టి ఉంచేవి ఒక అంగుళం స్క్రూలు నాలుగే. గడ్డపార పెడితే అవి కట్టెతో సహా ఊడివస్తాయి, కప్ప చెక్కుచెదరకుండా కొండీకి వేలాడుతూనే ఉంటుంది. ఇక్కడ డబ్బు కప్ప మీద కాక బోల్టుల మీద పెట్టాలి: గుండ్రటి తల బయటికి, నట్టు లోపలికి ఉండేలా తలుపు మందమంతా దాటే 8 మిల్లీమీటర్ల బోల్టులు వేసి, లోపలివైపు నట్టుల కింద ఒక ఉక్కు పట్టీ పెట్టిస్తే లాగుడు బలం తలుపంతటికీ పంచబడుతుంది. వాన తగలదు కాబట్టి ఇత్తడి శరీరం అవసరం లేదు, లోపల ఎరువుల గాలి ఉంటుంది కాబట్టి ఇత్తడి స్ప్రింగులు ఉన్న కప్ప వద్దు. ఉక్కు శరీరం, 9 లేక 10 మిల్లీమీటర్ల గట్టి కొంకి, పొట్టి వంపు చాలు. ఈ ఒక్క తలుపు దగ్గర మాత్రం లివర్ల సంఖ్యకు కూడా విలువ ఉంటుంది, ఎందుకంటే లోపలికి రోజూ వచ్చిపోయే పనివారికి చెవి చేతికి అందవచ్చు, దొంగచెవి భయం షట్టరుకన్నా ఇక్కడే ఎక్కువ.

మూడు చోట్లా ఖర్చు కలిపి చూస్తే గేటు పెట్టెకే ఎక్కువ అవుతుంది, కప్పలకు కాదు. ఎక్కువమంది యజమానులు దీనికి విరుద్ధంగా ఖర్చుపెడతారు.

తెగిన కప్ప

కప్ప తెగిన తర్వాత దాని ముక్కలు ఏ పనిముట్టు వాడారో చెబుతాయి. కట్టరు తెంచిన కొంకి చివర రెండు వైపుల నుంచి ఏటవాలుగా నొక్కుకుపోయి నడుమ సన్నని గట్టులా కలుస్తుంది. గ్రైండరు కోసినది నున్నగా, ఒకే వైపు వంపు గీతలతో, అంచున నీలి రంగు వేడి మరకతో ఉంటుంది. హ్యాక్సా రంపం కోసినది ఇరుకైన తిన్నని గీతలు చూపుతుంది. ఇవేవీ లేకుండా కప్ప తెరుచుకుని పడి ఉంటే చెవి వాడారని అనుమానించాలి.

ఈ తేడా బీమాకు కూడా సంబంధించినది. దొంగతనాల మీద వ్యాపారులు తీసుకునే బర్గ్లరీ పాలసీలు సాధారణంగా బలప్రయోగంతో లోపలికి వచ్చి చేసిన దొంగతనానికే వర్తిస్తాయి. పాలసీలో ఆ షరతు ఉన్నప్పుడు బలప్రయోగం రుజువు కాకపోతే పరిహారం రాదని సుప్రీంకోర్టు 2004లో యునైటెడ్ ఇండియా ఇన్సూరెన్స్, హర్‌చంద్ రాయ్ చందన్ లాల్ మధ్య కేసులో తీర్పు చెప్పింది. కాబట్టి కప్ప తెగిన ఉదయం వెంటనే నేల ఊడ్చి కొత్త తాళం వేయకుండా, పోలీసులు వచ్చేవరకు ముక్కలను పడినచోటే ఉంచి ఫొటోలు తీయాలి, కప్ప కొన్న బిల్లును పాలసీ కాగితాలతో కలిపి దాచాలి.